పొడి అక్షరాలు పలికే తీరు

పిల్లలూ, ఈ ఏడాది ఆరో తరగతి తెలుగు పీరియడ్‌లో మేము ఒక చిన్న పని ఇచ్చాం. "మీ అమ్మానాన్నలు ఎక్కడ పనిచేస్తారో తెలుగులో ఒక్క వాక్యం రాయండి" అన్నాం. బస్తర్‌లోని మన బడుల్లో ఇది సులువైన ప్రశ్నే. బైలాడీలా కొండల్లో ఇనుప ఖనిజం తవ్వే ఎన్‌ఎండీసీ వాళ్ల పిల్లలు, సీఆర్‌పీఎఫ్, సీఐఎస్‌ఎఫ్ వాళ్ల పిల్లలు, కేకే లైన్‌లో పనిచేసే రైల్వే వాళ్ల పిల్లలు, బ్యాంకుల వాళ్ల పిల్లలు ఇక్కడ ఒకే బెంచీ మీద కూర్చుంటారు. అందరి వాక్యాల్లోనూ పొడి అక్షరాలు వచ్చాయి.

కొత్తగా తెలుగు నేర్చుకుంటున్న ఒక అబ్బాయి మాత్రం తన వాక్యాన్ని "మా నాన్నగారు న్మ్‌డ్‌క్‌లో పనిచేస్తారు" అని రాశాడు. క్లాసంతా నవ్వింది. మాకు నవ్వు రాలేదు, ఎందుకంటే ఆ అబ్బాయి తప్పులో ఒక తర్కం ఉంది. అదే బెంచీ మీదున్న అమ్మాయి, రావ్‌ఘాట్ గనుల వైపు నుంచి వచ్చిన పిల్ల, "మా నాన్నగారు సెయిల్‌లో పనిచేస్తారు" అని రాసింది. ఇంగ్లీషులో చూస్తే రెండూ నాలుగేసి పెద్ద అక్షరాలే. ఆ అమ్మాయి నాలుగు అక్షరాలనూ కలిపి మాటగా రాస్తే అది సరైంది. ఈ అబ్బాయీ అలాగే కలిపి రాశాడు, తప్పయింది. వాడు మమ్మల్ని అడిగిన ప్రశ్న కూడా అదే: "దాన్ని కలపొచ్చు, దీన్ని ఎందుకు కలపకూడదు?"

ఆ ప్రశ్నకు జవాబే ఈ పాఠం.

సెయిల్ అంటే స్టీల్ అథారిటీ ఆఫ్ ఇండియా లిమిటెడ్. 'ఆఫ్' వదిలేసి, మిగిలిన నాలుగు మాటల మొదటి అక్షరాలు తీసుకున్నారు. ఆ నాలుగూ కలిస్తే నోటికి పలికే ఒక మాట అయింది. ఇలా మొదటి అక్షరాలు కలిసి మాటగా పలికితే దాన్ని అక్రోనిమ్ అంటారు. ఎన్‌ఎండీసీకి మొదట ఉన్న పూర్తి పేరు నేషనల్ మినరల్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్. అక్కడా మొదటి అక్షరాలే తీసుకున్నారు. కానీ వాటి మధ్య ఒక్క అచ్చు కూడా లేదు కాబట్టి కలిపి పలకలేం. ఒక్కో అక్షరానికి ఇంగ్లీషులో ఉన్న పేరును వరసగా చెప్పుకుంటూ పోతాం: ఎన్, ఎం, డీ, సీ. ఇలా అక్షరాల పేర్లు చదివేదాన్ని ఇనీషియలిజం అంటారు. సీఆర్‌పీఎఫ్, సీబీఎస్‌ఈ, ఎస్‌బీఐ, కొత్తవలస నుంచి కిరండూల్ వచ్చే మన కేకే లైన్, అన్నీ ఆ జాతివే.

ఈ తేడాను ఇంగ్లీషు లిపి దాచేస్తుంది, తెలుగు లిపి బయట పెట్టేస్తుంది. ఇంగ్లీషులో రెండింటినీ పెద్ద అక్షరాలతో ఒకేలా రాస్తారు, ఎలా పలకాలో ముందే తెలిసి ఉండాలి. తెలుగులో మనం పలికినట్టే రాస్తాం కాబట్టి 'ఎన్‌ఎండీసీ' అని రాసిన క్షణానే అది ఇనీషియలిజం అని, 'సెయిల్' అని రాసిన క్షణానే అది అక్రోనిమ్ అని తేలిపోతుంది. మీకు అనుమానం వస్తే ఆ పేరును తెలుగులో రాసి చూడండి. ఎన్, ఎం, డీ, సీ లాంటి అక్షరాల పేర్లు కనబడితే ఇనీషియలిజం, కనబడకపోతే అక్రోనిమ్.

అయితే పలకడానికి వీలుండటం ఒక్కటే చాలదు. హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ చూడండి. అందులో రెండు అచ్చులున్నాయి, కలిపి పలకాలంటే పలకొచ్చు. కానీ ఆ ఊళ్లో ఎవరూ అలా అనరు, బస్సు కండక్టర్ కూడా ఈసీఐఎల్ అనే అరుస్తాడు. గ్యాస్ పైపులైన్లు వేసే గెయిల్‌ను మాత్రం ఎవరూ జీఏఐఎల్ అనరు. భెల్ అనేవాళ్లూ బీహెచ్‌ఈఎల్ అనేవాళ్లూ ఇద్దరూ ఉన్నారు. కొత్త ఊరికి బదిలీ మీద వెళ్లినప్పుడు అక్కడి వాళ్లు ఎలా అంటున్నారో మొదటి వారంలో వినాలి. మేమైతే అలాగే చేస్తాం.

కొన్ని పేర్లను మాటగా పలకాలనే ఉద్దేశంతోనే తయారు చేస్తారు. మన చుట్టూ ఉన్న ఉదాహరణ కోబ్రా. ఇది సీఆర్‌పీఎఫ్‌లోని ప్రత్యేక దళం, అడవుల్లో పోరాటానికి శిక్షణ పొందినది. పూర్తి పేరు కమాండో బెటాలియన్ ఫర్ రెజల్యూట్ యాక్షన్. మొదటి మాట నుంచి ఒక్క అక్షరం కాక రెండు తీసుకున్నారు, 'ఫర్' వదిలేశారు, మిగతా మూడు మాటల నుంచి ఒక్కోటి తీసుకున్నారు. అలా లెక్క సరిపెడితే నాగుపాము పేరు వచ్చింది. మాతృసంస్థ పేరు ఇనీషియలిజం, దాని దళం పేరు అక్రోనిమ్, రెండూ ఒకే ఇంట్లో ఉన్నాయి.

ఇంకో విచిత్రం కూడా చెప్పాలి. ఎన్‌ఎండీసీ 1958లో ఏర్పడింది, ప్రధాన కార్యాలయం హైదరాబాద్. ఇవాళ ఆ సంస్థ అధికారిక పేరు ఎన్‌ఎండీసీ లిమిటెడ్. అంటే పొడి అక్షరాలే అసలు పేరైపోయాయి. బచేలీ టౌన్‌షిప్‌లో పుట్టి పెరిగిన పిల్లల్ని పూర్తి పేరేమిటని అడిగితే సగం మంది తడుముకుంటారు. అది వాళ్ల తప్పు కాదు. రేడార్, లేజర్ కూడా ఒకప్పుడు ఇలా మొదటి అక్షరాలతో కూర్చినవే. ఇప్పుడు వాటిని పెద్ద అక్షరాలతో ఎవరూ రాయరు, విడదీసి చెప్పగలిగే వాళ్లు కూడా తక్కువే. చిరునామాలో రాసే పిన్ సంగతీ అంతే. పోస్టల్ ఇండెక్స్ నంబర్‌ను కుదిస్తే పిన్ అయింది. 1972 ఆగస్టు 15న అమల్లోకి వచ్చింది. జగదల్‌పూర్ వాళ్లు 494001 అని రాసి దాన్ని "పిన్ నంబర్" అంటారు. నంబర్ రెండుసార్లు వచ్చిందని ఎవరికీ అనిపించదు, ఎందుకంటే పిన్ ఇప్పుడు మామూలు మాట.

ఈ తేడా మీ ఇంగ్లీషు పరీక్షలో మార్కులు కూడా తీస్తుంది. 'ఎ' రాయాలా, 'ఆన్' రాయాలా అనే చోట చాలామంది మొదటి అక్షరం అచ్చా, హల్లా అని చూస్తారు. చూడాల్సింది అక్షరాన్ని కాదు, మొదట పలికే ధ్వనిని. ఎన్‌ఎండీసీ మొదటి ధ్వని 'ఎ', కాబట్టి "ఆన్ ఎన్‌ఎండీసీ క్వార్టర్". సెయిల్ మొదటి ధ్వని 'స', కాబట్టి "ఎ సెయిల్ క్వార్టర్". ఎస్‌బీఐ కూడా ఇంగ్లీషులో సెయిల్ మొదలైన అక్షరంతోనే మొదలవుతుంది, కానీ పలికేది 'ఎస్', కాబట్టి "ఆన్ ఎస్‌బీఐ బ్రాంచ్". ఒకే అక్షరం, రెండు జవాబులు. అక్రోనిమా, ఇనీషియలిజమా అని తెలియకుండా ఈ బిట్టు రాయలేరు. తెలుగు తెలిసిన పిల్లలకు ఇక్కడ ఒక లాభం ఉంది. మనసులో ఆ పేరును తెలుగులో రాసుకోండి. మొదటిది అచ్చు అయితే 'ఆన్', హల్లు అయితే 'ఎ'.

మరి తెలుగులో మనమే పొడి అక్షరాలు కూరిస్తే ఏమవుతుంది? ఐక్యరాజ్య సమితిని పత్రికలు ఐరాస అని రాస్తాయి. 1943లో పుట్టిన అభ్యుదయ రచయితల సంఘం పేరు అరసం. ఇవి అక్రోనిములా, ఇనీషియలిజాలా? ఆలోచించండి. ఇంగ్లీషులో అక్షరానికి పేరు వేరు, ధ్వని వేరు. 'ఎం' అనేది పేరు, 'మ్' అనేది ధ్వని. తెలుగులో 'ర' అనే అక్షరం పేరూ 'ర'నే, ధ్వనీ 'ర'నే. పైగా మన అక్షరంలో అచ్చు ముందే కలిసి ఉంటుంది, దానికదే పలుకుతుంది. అందుకే అ, ర, సం అని విడివిడిగా చదివినా, అరసం అని కలిపి చదివినా వచ్చేది ఒకటే. తెలుగు అక్షరాలతో కూర్చిన ప్రతి పొడి పేరూ పుట్టుకతోనే మాట అయిపోతుంది. అక్రోనిమ్, ఇనీషియలిజం అనే గొడవ మనకు ఇంగ్లీషు పేర్లతో పాటు వచ్చిందే తప్ప మన లిపిలో లేదు.

హిందీ కూడా ఇంతే. మీ ఇంట్లో ఎవరైనా సీఆర్‌పీఎఫ్‌లో ఉంటే హిందీ కాగితాల మీద 'కేరిపుబల్' అని చూసే ఉంటారు. కేంద్రీయ రిజర్వ్ పులిస్ బల్‌లో కే, రి, పు తీసుకుని చివరి మాటను అలాగే ఉంచారు. ఛత్తీస్‌గఢ్ సశస్త్ర బల్‌ను ఇక్కడి హిందీ పత్రికలు 'ఛసబల్' అంటాయి. ఒకే దళానికి ఇంగ్లీషు పేరు విడదీసి చదవాలి, హిందీ పేరు కలిపి చదవాలి. న్మ్‌డ్‌క్ రాసిన అబ్బాయి హిందీ బడి నుంచే వచ్చాడు. కేరిపుబల్‌ను కలిపినట్టే దీన్నీ కలపబోయాడు, అంతే.

ఇక మూడోది, కంట్రాక్షన్. పై రెండింటిలో అక్షరాలు వేర్వేరు మాటల నుంచి వస్తాయి. కంట్రాక్షన్‌లో ఒకే మాటను మధ్యలో నొక్కి పొట్టిగా చేస్తారు, మొదలూ చివరా మిగులుతాయి. ఇంగ్లీషులో డాక్టర్‌ను `Dr` అని, గవర్నమెంట్‌ను `Govt` అని రాయడం అలాంటిది. మాట్లాడేటప్పుడు 'డు నాట్'ను 'డోంట్' అనడం ఇంకో రకం కంట్రాక్షన్. అక్కడ రెండు మాటలు కలిసి మధ్యలో ఒక అచ్చు పోతుంది, పోయిన చోట పైన ఒక చిన్న కొక్కెం పెడతారు. మన ఉత్వసంధి గుర్తు తెచ్చుకోండి. రాముడు, అతడు కలిసి రాముడతడు అయినప్పుడు ఉకారం పోతుంది కదా. మనం మాత్రం కొక్కేలు పెట్టం. ఏమిటి అనేది ఏంటి అయినా గుర్తు ఏమీ ఉండదు.

రాసే కంట్రాక్షన్‌ను పట్టుకోవడానికి చెవే మంచి సాధనం. బోర్డు మీద `Dr` అని ఉంటే ఎవరూ డీఆర్ అని చదవరు, డాక్టర్ అనే చదువుతారు. అంటే కంటికి పొట్టి, నోటికి పూర్తి. ఇనీషియలిజం కంటికీ పొట్టి, నోటికీ పొట్టి. తెలుగు పెద్దలు దీనికోసం ఒక చక్కని గుర్తు వాడారు, మాట పక్కన రెండు నిలువు గీతలు. రూ॥ అని ఉంటే రూపాయలు అని, సం॥ అని ఉంటే సంవత్సరం అని పూర్తిగా చదవమని ఆ గీతలు చెబుతాయి. నిజానికి ఇవి చివరను కోసేసిన మాటలు, కచ్చితమైన కంట్రాక్షన్లు కావు, కానీ చదివే పద్ధతి అదే. శుభలేఖల్లో పెళ్లికూతురి పేరు ముందు ఉండే చి॥ల॥సౌ॥ ను మా అమ్మమ్మ ఎప్పుడూ చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి అనే చదివేది. ఇప్పటి వాళ్లు చిలసౌ అని చదువుతున్నారు. 2018లో ఆ పేరుతో సినిమా కూడా వచ్చింది. పూర్తిగా చదవాల్సిన పొట్టి రాత మన కళ్ల ముందే అక్రోనిమ్ అయిపోయింది.

ఇంతవరకూ జరిగింది సరదాగా ఉంది. ఈ మూడూ కలగాపులగం అయితే ఎంత కష్టమో చెప్పే సంగతి ఒకటి ఉంది. అది మన తెలుగువాళ్ల పేర్లకు సంబంధించినది.

కొన్నేళ్ల కిందట, ఇంకో ఊళ్లో పనిచేస్తున్నప్పుడు, తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. గుంటూరు వైపు కుటుంబం, ఇంటిపేరు షేక్. తండ్రికి రెండు మూడేళ్లకోసారి బదిలీ. ఒకరోజు మా దగ్గరికి వచ్చి, "నా పేరులో ఎస్ అంటే ఏమిటి, కె అంటే ఏమిటి అని ఆఫీసులో అడుగుతున్నారు, నాకు తెలియదు, ఏం రాయాలి?" అంది. కళ్లలో నీళ్లు ఉన్నాయి. తన పేరు తనకే తెలియదన్నట్టు అందరూ చూశారట.

కాగితాలన్నీ తెప్పించి వరసగా పెట్టి చూశాం. జనన ధ్రువపత్రంలోనూ ఆధార్‌లోనూ షేక్ అని పూర్తిగా ఉంది. మొదటి బడి ఇచ్చిన టీసీలో ఆ మాటను `Sk.` అని కుదించారు. ఆంధ్రలో అది మామూలే, అందరికీ అర్థమవుతుంది. మాట మొదటి అక్షరం, చివరి అక్షరం తీసుకున్న చక్కని కంట్రాక్షన్. రెండో బడి వేరే రాష్ట్రంలో ఉంది. అక్కడ కంప్యూటర్‌లో పేరు ఎక్కించిన వాళ్లు దాన్ని ఇనీషియలిజం అనుకున్నారు. చుక్క తీసేసి, రెండు అక్షరాల మధ్య ఖాళీ వదిలి ఇలా కొట్టారు: `S K`. ఆ ఒక్క ఖాళీతో ఒక మాట రెండు మాటలైపోయింది. మూడో బడికి వచ్చేసరికి ఆ రెండు అక్షరాలకు రెండు పూర్తి పేర్లు కావాలని ఫారం అడుగుతోంది. లేని పేర్లను ఆ పిల్ల ఎక్కడి నుంచి తెస్తుంది?

తొమ్మిదో తరగతిలో సీబీఎస్‌ఈ రిజిస్ట్రేషన్ జరుగుతుంది. అక్కడ పేరు ఎలా ఎక్కితే పదో తరగతి సర్టిఫికెట్ మీద అలాగే వస్తుంది. తరువాత మార్చుకోవడం చాలా కష్టం. ఆ జాబితా వెళ్లడానికి ఇంకా కొద్ది రోజులు టైముంది కాబట్టి సరిపోయింది. తండ్రిగారు జనన ధ్రువపత్రం నకలు జతచేసి దరఖాస్తు పెట్టారు. రెండో బడికి రాసి, టీసీలో సరిచేయించి తెప్పించారు. అప్పుడు మా అడ్మిషన్ రిజిస్టర్‌లో షేక్ అని పూర్తిగా రాశారు. ఆ రిజిస్టర్‌ను చూసి రిజిస్ట్రేషన్ జాబితాలో దిద్దారు. ఈ మధ్యలో ఆ అమ్మాయి తండ్రి రెండు రోజులు సెలవు పెట్టాల్సి వచ్చింది.

మహమ్మద్‌ను `Md.` అని రాసే వాళ్లకూ ఇదే చిక్కు. పత్రికలు కూడా దాన్ని 'ఎండీ' అని అచ్చు వేస్తాయి. చదివేవాళ్లు ఏదో కంపెనీ మేనేజింగ్ డైరెక్టర్ అనుకుంటే వాళ్ల తప్పేముంది? చెరుకూరి, చల్లా, చింతా లాంటి ఇంటిపేర్ల వాళ్లది ఇంకో రకం. మనకు 'చ' ఒకటే అక్షరం. ఇంగ్లీషులోకి వెళ్లేసరికి రెండక్షరాలు, `Ch`. అది తిరిగి తెలుగులోకి వచ్చేటప్పుడు 'చ' అని రావాలి కదా, 'సీహెచ్' అని వస్తుంది. మహారాష్ట్ర గవర్నర్‌గా పనిచేసిన చెన్నమనేని విద్యాసాగర్‌రావు పేరును మన పత్రికలు సీహెచ్ విద్యాసాగర్‌రావు అని రాయడం మీరు చూసే ఉంటారు. తెలుగు తెలిసినవాళ్లకు ఇబ్బంది లేదు. తెలియని ఊళ్లో `C H` అని రెండుగా విడిపోవడానికి ఒక్క ఖాళీ చాలు.

కాబట్టి మీ ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటే, ఈ నెలలో ఒకసారి ఇంట్లో మూడు కాగితాలు పక్కపక్కన పెట్టి చూడండి: జనన ధ్రువపత్రం, ఆధార్, కిందటి బడి టీసీ. ఒకదానిలో చుక్క, ఇంకోదానిలో ఖాళీ, మరోదానిలో పూర్తి పేరు ఉంటే అమ్మానాన్నలకు చూపించండి. ఎనిమిదో తరగతిలో ఉన్నవాళ్లు తప్పక చూడాలి. కొత్త బడిలో ఫారం నింపేటప్పుడు పొడి అక్షరం రాయకండి, ఇంటిపేరు పూర్తిగా రాయండి. చోటు చాలకపోయినా సరే, కిందికి రాయండి.

ఇనీషియలిజంలో ఇంకో లోపం ఉంది, అది మీ ఇంట్లోనే దొరుకుతుంది. మీ నాన్నగారి జీతం స్లిప్పులో డీఏ అంటే డియర్‌నెస్ అలవెన్స్, కరువు భత్యం. టీఏ అంటే ట్రాన్స్‌పోర్ట్ అలవెన్స్, ఇంటి నుంచి ఆఫీసుకు వెళ్లి రావడానికి ఇచ్చేది. అదే ఆయన పని మీద రాయ్‌పూర్ వెళ్లి వచ్చి టీఏ, డీఏ బిల్లు పెడితే అక్కడ టీఏ అంటే ట్రావెలింగ్ అలవెన్స్, డీఏ అంటే డెయిలీ అలవెన్స్. ఒకే మనిషి, ఒకే ఆఫీసు, అవే అక్షరాలు, డబ్బులు వేరు. రైలెక్కితే టీసీ అంటే టికెట్ చూసే ఆయన, బడికి వస్తే టీసీ అంటే ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్. ఒకసారి ఒక చిన్న పిల్లాడు "మా టీసీ పోయింది" అని ఏడుస్తూ చెబితే, రైల్లో టికెట్ చూసే ఆయన ఎక్కడికి పోయాడో అని మేము ఒక నిమిషం తికమకపడ్డాం.

అభ్యాసంగా ఈ పని చేయండి. బడి నుంచి ఇంటికి వెళ్లే దారిలో కనిపించే బోర్డుల మీది పొట్టి పేర్లు పది రాసుకోండి. ప్రతిదానినీ తెలుగులో రాయండి, పూర్తి పేరు కనుక్కోండి, అది మూడింటిలో ఏ రకమో పక్కన రాయండి. రెండు రకాలూ కలిసినవి ఒకటి రెండు దొరుకుతాయి, వాటిని క్లాసుకు తీసుకురండి. ఎన్‌ఎండీసీ క్వార్టర్లలో ఉండే పిల్లలు గేటు దగ్గర సీఐఎస్‌ఎఫ్ అంకుల్‌ను పూర్తి పేరు అడిగి రాయండి. ఆయన ఇంగ్లీషులో చెబితే, హిందీ పొడి పేరు కూడా చెప్పమని అడగండి.